బెంచ్ ప్రెస్‌కు మెట్ల దారి

భుజం నొప్పితో రెండు మూడు నెలలు జిమ్‌కు దూరమైనవాళ్లకు ఫిజియోథెరపిస్టు నోట "ఇక ప్రెస్ మొదలుపెట్టొచ్చు" అన్న మాట వింటే ప్రాణం లేచొస్తుంది. కొందరు ఆ సాయంత్రమే రాడ్ పట్టుకుంటారు. జాగ్రత్తపరులు మాత్రం "బరువులు వద్దులే, ముందు నాలుగు దండీలు తీద్దాం" అనుకుంటారు. విచిత్రంగా ఆ జాగ్రత్తే చాలామందిని మళ్లీ ఫిజియో దగ్గరికి పంపుతుంది. దండీ తేలికన్నది మన భ్రమ కాబట్టి.

దండీ తీస్తున్నప్పుడు అరచేతుల మీద ఎంత భారం పడుతుందో పరిశోధకులు కొలిచారు. నేల మీద మామూలు దండీలో అది ఒంటి బరువులో సుమారు 64 శాతం. మోకాళ్లు ఆనిస్తే 49 శాతం. కాళ్లు నేల మీదే ఉంచి చేతులను 30 సెంటీమీటర్ల ఎత్తున పెడితే 55, 60 సెంటీమీటర్ల ఎత్తున పెడితే 41 శాతం. అంటే 70 కిలోల మనిషి నేల మీద తీసే ప్రతి దండీలో దాదాపు 45 కిలోలు నెడుతున్నాడు. జిమ్‌లో ప్లేట్లు తగిలించని పెద్ద రాడ్ బరువు 20 కిలోలే. "బరువులు వద్దులే" అనుకున్నవాడు మొదటి రోజే అంతకు రెట్టింపు భారంతో మొదలుపెట్టాడన్నమాట.

ఇదే లెక్కను మనకు అనుకూలంగానూ తిప్పుకోవచ్చు. చేతులు ఎంత ఎత్తున ఉంటే భారం అంత తక్కువ. కాబట్టి భుజాన్ని మళ్లీ ప్రెస్‌కు అలవాటు చేయడానికి ప్రతి ఇంట్లో ఉన్న మంచి పరికరం మెట్ల వరస. దాని సంగతి చెప్పేముందు, ఈ వ్యాసం ఎలాంటి భుజానికి వర్తిస్తుందో చెప్పాలి.

భుజం కీలులో గుంట చిన్నది, బంతి పెద్దది. ఆ బంతి పక్కకు జరగకుండా చుట్టూ నాలుగు చిన్న కండరాలు పట్టి ఉంచుతాయి. వైద్యులు వీటిని రొటేటర్ కఫ్ అంటారు. జిమ్‌కు వెళ్లేవాళ్లలో తరచుగా కనిపించేది, ఈ కండరాలను ఎముకకు కలిపే స్నాయువు ఓపికకు మించిన పనితో రేగిపోవడం. చెయ్యి పక్క నుంచి పైకెత్తుతుంటే మధ్యలో కలుక్కుమంటుంది, రాత్రి ఆ వైపు తిరిగి పడుకోనివ్వదు. ఇక్కడ చెప్పే క్రమం ఆ రకం నొప్పి నుంచి తేరుకున్నవాళ్ల కోసం. భుజం జారినవాళ్లకు, ఆపరేషన్ అయినవాళ్లకు దారి వేరు, గడువులూ వేరు. వాళ్లు సర్జన్ చెప్పిన క్రమమే పాటించాలి. షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువగా వచ్చే బిగుసుకుపోయే భుజానికి కూడా ఇది పనికిరాదు.

ఫిజియో అనుమతి ఇచ్చారంటే అది అన్ని ప్రెస్‌లకూ ఇచ్చినట్టు కాదు. ఛాతీ ముందుకు నెట్టడం వేరు, తల మీదకు ఎత్తడం వేరు. మొదటిదానికి సిద్ధమైన భుజం రెండోదానికి ఇంకా సిద్ధం కాకపోవచ్చు. అందుకే క్లినిక్ నుంచి బయటికి వచ్చేముందే అడిగి తెలుసుకోవాలి: ఏ దిశలో నెట్టొచ్చు, మోచేయి ఎంతవరకు కిందికి దించొచ్చు, చెయ్యి బయటికి తిప్పే బలం రెండో చేతితో పోలిస్తే ఎంతవరకు తిరిగొచ్చింది. ఈ మూడో జవాబు చాలా ముఖ్యం. బంతిని గుంటలో పట్టి ఉంచే పనిలో ఆ కండరాలకు పెద్ద వాటా ఉంది.

ఇక అసలు క్రమం. 35 ఏళ్ల ఉద్యోగి ఒకాయన అనుకుందాం. బరువు 70 కిలోలు, దెబ్బకు ముందు బెంచ్ మీద 60 కిలోలు ఎనిమిది సార్లు ఎత్తేవాడు. మూడు నెలలుగా ప్రెస్ లేదు. ఇప్పుడు అనుమతి వచ్చింది.

మన ఇళ్లలో మెట్టు ఎత్తు సాధారణంగా ఆరేడు అంగుళాలు. ఆయన నేల మీద కాళ్లు పెట్టి నాలుగో మెట్టు అంచు మీద చేతులు ఆనిస్తే ఎత్తు 60 సెంటీమీటర్లు దాటుతుంది, నెట్టాల్సిన భారం 29 కిలోల లోపే. మొదటి రోజు ఎనిమిదేసి చొప్పున రెండు సెట్లు, అంతే. ఛాతీని దించడానికి మూడు సెకన్లు తీసుకోవాలి, లేవడం మామూలుగానే. మోచేతులు బార్లా చాపినట్టు పక్కలకు పోకూడదు, పక్కటెముకలకు అతుక్కోనూ కూడదు, రెండింటికీ మధ్యలో ఉండాలి. సెట్ ఆపేసరికి ఇంకో నాలుగు తీయగలననిపించాలి. గ్రానైట్ మెట్లయితే అంచు తడి లేకుండా తుడుచుకోవాలి. సాక్సులతో అసలు వద్దు.

తర్వాత రెండు రోజులు ప్రెస్ ఉండదు. సోమవారం చేస్తే మళ్లీ గురువారమే. ఆ విరామంలో సీటెడ్ రో లాంటి లాగే వ్యాయామాలూ, ఫిజియో నేర్పిన రబ్బరు బ్యాండ్ వ్యాయామాలూ సాగుతూనే ఉండాలి. ప్రెస్ మొదలైందని బ్యాండ్‌ను అటకెక్కించేవాళ్లు ఎక్కువ, అది తప్పు.

మెట్టు ఎప్పుడు దిగాలన్నది క్యాలెండర్ చెప్పదు, మర్నాటి పొద్దున్న చెబుతుంది. నొప్పిని సున్నా నుంచి పది దాకా కొలవమని ఫిజియోలు అంటుంటారు. వ్యాయామం చేసేటప్పుడు మూడు దాకా ఉంటే సాధారణంగా ఫరవాలేదు. కానీ మర్నాడు లేవగానే చొక్కా తొడుక్కునేటప్పుడు, తల దువ్వుకునేటప్పుడు భుజం ముందు రోజు ఎలా ఉందో అలాగే ఉండాలి. అంతకంటే నొప్పి పెరిగితే చేసింది ఎక్కువైనట్టే, చేస్తున్నప్పుడు హాయిగా అనిపించినా సరే. ఈ పరీక్ష నిజం చెప్పాలంటే నొప్పి మాత్ర వేసుకుని వ్యాయామానికి దిగకూడదు. మాత్ర వేసుకుంటే ఆ పొద్దున్న చెప్పేది భుజం మాట కాదు, మందు మాట.

నాలుగో మెట్టు మీద రెండు సెట్లు మూడవుతాయి, ఎనిమిది పన్నెండవుతాయి. పన్నెండేసి చొప్పున మూడు సెట్లు వరసగా రెండుసార్లు పేచీ లేకుండా వస్తే మూడో మెట్టుకు దిగాలి. దిగినప్పుడు మళ్లీ ఎనిమిదితో మొదలు. ఒక్కో మెట్టుకు వారం పట్టొచ్చు, రెండు వారాలూ పట్టొచ్చు. కండ కొన్ని వారాల్లోనే బలం పుంజుకుంటుంది, స్నాయువుకు నెలలు కావాలి. "బలం వచ్చేసింది కదా, ఇంకెందుకు ఆగడం" అనిపించే రోజులే ప్రమాదకరం. ఆ బలం కండది. స్నాయువు ఇంకా వెనకే ఉంది.

రెండో మెట్టు మీద మూడు సెట్లు కుదిరేనాటికి ఆయన 38 కిలోల దాకా నెడుతున్నాడు. ఇప్పుడు జిమ్‌కు వెళ్లొచ్చు, కానీ ఇంకా బెంచ్ మీదికి కాదు. నేల మీద వెల్లకిలా పడుకుని, అరచేతులు ఒకదాన్నొకటి చూసేలా రెండు డంబెల్స్ పట్టుకుని చేసే ఫ్లోర్ ప్రెస్‌తో మొదలుపెట్టాలి. చేతికి 7.5 కిలోలు చాలు. నేల ఇక్కడ కాపలాదారు పని చేస్తుంది. మోచేయి నేలకు తగలగానే ఆగిపోతుంది, చెయ్యి వీపు వెనక్కి పోదు. బెంచ్ ప్రెస్‌లో భుజం ముందు భాగాన్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఆ అడుగు భాగమే. డంబెల్స్‌తో ఒక చిక్కుంది. మన జిమ్‌లలో 7.5 తర్వాత సాధారణంగా 10 ఉంటుంది. ఒక్కసారిగా మూడో వంతు పెరిగినట్టు. అందుకే 7.5తో 15 సార్లు వచ్చేదాకా ఆగి, 10 కిలోలతో ఎనిమిదికి రావాలి.

ఫ్లోర్ ప్రెస్ మూడు నాలుగు వారాలు సాఫీగా సాగాక బెంచ్. పాత బరువులో సగం, అంటే 30 కిలోలు, పదేసి చొప్పున మూడు సెట్లు. మెట్ల మీద అంతకంటే ఎక్కువ నెట్టినవాడికి ఇది చులకనగా అనిపిస్తుంది. అయినా పెంచకూడదు. దండీలో భుజం రెక్కలు స్వేచ్ఛగా కదులుతాయి, బెంచ్ మీద అవి వీపు కింద నొక్కుకుపోయి ఉంటాయి. కీలుకు ఇది కొత్త పని. పట్టు భుజాల వెడల్పు కంటే కాస్త మాత్రమే ఎక్కువ ఉండాలి. మొదటి వారాల్లో ఛాతీ మీద మందంగా మడిచిన టవల్ పెట్టుకుని, రాడ్ దానికి తగలగానే పైకి నెట్టడం మేలు. రాడ్‌ను ఒకసారి తూకం వేయండి. చిన్న జిమ్‌లలో 20 కిలోలు అనుకునే రాడ్ పన్నెండో పదిహేనో ఉంటుంది, లెక్కంతా తప్పుతుంది.

వారానికి 2.5 కిలోలు, అంటే ఒక్కో వైపు 1.25 కిలోల ప్లేటు. అది జిమ్‌లో లేకపోతే సొంతంగా ఒక జత కొనుక్కోవడం మంచిది. లేదంటే ఒకేసారి ఐదు కిలోలు పెంచాల్సి వస్తుంది. ఈ లెక్కన 30 నుంచి 60కి 12 వారాలు. మధ్యలో ఆగాల్సిన వారాలు కలిపితే మూడున్నర నెలలు. మెట్ల దగ్గర్నుంచి చూస్తే ఐదారు నెలలు.

మధ్యలో ఒకరోజు భుజం మొండికేయడం మామూలే. అప్పుడు ముందు అది ఏ నొప్పో చూసుకోవాలి. రెండు వైపులా ఛాతీ, చేతి వెనక కండ పట్టేసి, వేలితో నొక్కితే నొప్పెట్టి, రెండు మూడు రోజుల్లో పోయేది కండ అలసట. దానికి కంగారు అక్కర్లేదు. దెబ్బ తగిలిన వైపే, భుజం బయటి భాగంలో, చెయ్యెత్తినప్పుడు పొడిచి, రాత్రి నిద్ర లేపితే అది పాత గొడవ. అప్పుడు మొత్తం మానేయకుండా ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి. 42.5 దగ్గర రేగితే ఓ వారం 35 కిలోలు చేసి మళ్లీ పెంచుకుంటూ రావాలి. ఆ వారంలో జిమ్ బయట ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోండి. గ్యాస్ సిలిండర్ మోయడం, పెళ్లి ప్రయాణంలో సూట్‌కేసులు బస్సు పైకి ఎక్కించడం, గంటల తరబడి బైక్ నడపడం భుజానికి పనే. చెయ్యి ఉన్నట్టుండి పైకి లేవకపోయినా, వేళ్లు మొద్దుబారినా, భుజం జారినట్టు అనిపించినా ఆ రోజుకు ఆపేసి డాక్టరును కలవాలి. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, ఎడమ భుజం లాగుతుంటే అది భుజం సమస్య అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తల మీదకు ఎత్తే ప్రెస్ అన్నిటికంటే చివర. గోడకు వీపు ఆనించి నిలబడి, నడుము విల్లులా వంచకుండా రెండు చేతులూ చెవుల పక్కకు నొప్పి లేకుండా తేగలిగినప్పుడే దాని మాట. ముందు రాడ్ ఒక కొసను గోడ మూలలో టవల్ చుట్టి ఆనించి, రెండో కొసను భుజం దగ్గర్నుంచి ఏటవాలుగా పైకి నెట్టాలి. ఆ కోణం ఛాతీ ప్రెస్‌కూ తల మీది ప్రెస్‌కూ నడుమన ఉంటుంది. అది కుదిరాక కూర్చుని ఐదు కిలోల డంబెల్స్. మెడ వెనక నుంచి రాడ్ ఎత్తే ప్రెస్ జోలికి మాత్రం మళ్లీ వెళ్లకండి. ఒకసారి రేగిన భుజాన్ని అది చేతులు పూర్తిగా వెనక్కి తిరిగిన భంగిమలో బరువు కింద పెడుతుంది, ముందు నుంచి ఎత్తే ప్రెస్ ఇవ్వని బలమేదీ అది అదనంగా ఇవ్వదు.