మెనూలో ‘చెట్టెక్కుతున్న చీమలు’.. ప్లేట్‌లో వచ్చేది మాత్రం పంది కీమా! మెనూ ఫొటోను ఇలా అనువదిస్తేనే అసలు సంగతి తెలిసేది..

చైనాలోని ఓ సిచువాన్ హోటల్‌లో కూర్చున్నారు. మెనూలో ఒక్క అక్షరం అర్థం కాదు. ఫొటో తీసి అనువాదం చూస్తే ‘చెట్టెక్కుతున్న చీమలు’, ‘భార్యాభర్తల ఊపిరితిత్తుల ముక్కలు’, ‘మచ్చల ముసలమ్మ తోఫు’ అని వస్తుంది. నవ్వొస్తుంది సరే.. మరి ఏం ఆర్డర్ ఇవ్వాలి? శాకాహారులు, బీఫ్ తిననివాళ్లు, పోర్క్ ముట్టనివాళ్లు, పల్లీలు పడనివాళ్లకు ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. తెలుగు రాష్ట్రాల నుంచి ఎంబీబీఎస్ కోసం చైనా వెళ్లే విద్యార్థులు, సరుకు కొనడానికి గ్వాంగ్‌జౌ, ఇవు నగరాలకు వెళ్లే వ్యాపారులకు ఇది రోజూ ఎదురయ్యే చిక్కే.

చిక్కు ఎక్కడంటే..

వంటకం పేరు వేరు, వంటకం వేరు. మన పూతరేకులనే తీసుకోండి. మాటకు మాట మార్చి ‘పూత పూసిన రేకులు’ అని చెబితే విదేశీయుడు ఇంటి పైకప్పు అనుకుంటాడు. ‘బియ్యప్పిండి జావతో తీసిన పల్చని పొరల్లో నెయ్యి, బెల్లం పెట్టి మడిచిన స్వీట్’ అంటేనే అర్థమవుతుంది. చైనా మెనూకి కూడా సరిగ్గా ఇదే పని చేయాలి. 2008 ఒలింపిక్స్‌కు ముందు బీజింగ్ అధికారులు చేసింది కూడా ఇదే. నవ్వు తెప్పించే ఇంగ్లిష్ పేర్లకు బదులు, వాడే పదార్థం, వండే తీరు చెప్పే పేర్ల జాబితాను హోటళ్లకు సూచించారు.

ముందు ఫొటో సరిగ్గా ఉండాలి

పేరు ఒక్కటే కత్తిరించి ఫొటో తీయొద్దు. పైన ఉన్న విభాగం పేరు, పక్కన ధర, కింద చిన్న అక్షరాలు కూడా రావాలి. విభాగం పేరు చూస్తే అది చల్లగా ఇచ్చేదా, వేడిగా ఇచ్చేదా, సూపా అన్నది తెలిసిపోతుంది. లైటు మెరుపు పడిన చోట ఒక గీత కనిపించకపోయినా చైనా అక్షరం వేరే అక్షరంగా మారిపోతుంది. ధర దగ్గర ఇంకో తిరకాసు ఉంది. చేపలు, రొయ్యల ధర చాలాచోట్ల ప్లేటుకు కాదు, ‘జిన్’కు రాస్తారు. జిన్ అంటే 500 గ్రాములు. కిలోన్నర చేప తెస్తే బిల్లు మెనూలో చూసిన ధరకు మూడింతలు అవుతుంది. కాబట్టి ధర పక్కన ఉన్న మాటను కూడా అనువదించాల్సిందే.

ఒక్కో వంటకానికి నాలుగు విషయాలు

పేరును పలికే తీరులో అలాగే ఉంచాలి. ఎందుకంటే వెయిటర్‌కు చెప్పాల్సింది ఆ పేరే. దాని పక్కన.. ప్రధాన పదార్థం ఏంటి, ఎలా వండుతారు, రుచి ఎలా ఉంటుంది, పేరులో కనిపించకుండా లోపల ఏముంటుంది అన్న నాలుగూ ఒకటి రెండు వాక్యాల్లో రాయాలి. పైన చెప్పిన మూడింటికి, ఇంకొకదానికి ఇదే పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది.

మాయీ షాంగ్ షూ (‘చెట్టెక్కుతున్న చీమలు’): పెసల పిండితో చేసిన గాజులాంటి సన్న సేమ్యాను మాంసం కీమాతో కలిపి వేయిస్తారు. మామూలుగా వాడేది పంది కీమా. సేమ్యా పోగులకు అంటుకున్న కీమా, కొమ్మల మీద చీమల్లా కనిపిస్తుందని ఆ పేరు. కారంగా ఉంటుంది. చీమలు ఉండవు.

ఫూచీ ఫెయ్‌పియెన్ (‘భార్యాభర్తల ఊపిరితిత్తుల ముక్కలు’): బీఫ్, దాని నాలుక, గుండె, బోటి లాంటివి ఉడికించి, పల్చగా కోసి, మిరప నూనె వేసి చల్లగా ఇస్తారు. పైన పల్లీలు చల్లుతారు. చెంగ్డూలో 1930ల్లో దీన్ని అమ్మిన దంపతుల వల్ల ఈ పేరు వచ్చింది. ఇప్పుడు సాధారణంగా ఊపిరితిత్తులు వేయరు. అంటే పేరులో ఉన్నది ప్లేట్‌లో లేదు, ప్లేట్‌లో ఉన్న బీఫ్, పల్లీలు పేరులో లేవు.

మాపో తోఫు (‘మచ్చల ముసలమ్మ తోఫు’): తోఫు అంటే సోయా పాలతో చేసేది. చూడ్డానికి పనీర్‌లా ఉన్నా నోట్లో పెరుగు గడ్డలా మెత్తగా ఉంటుంది. మిరపకాయలు, చిక్కుడు గింజలు పులియబెట్టిన ముద్దతో ఎర్రగా వండుతారు. మన శాకాహారులు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. పాత పద్ధతిలో ఇందులో బీఫ్ కీమా వేస్తారు, చాలాచోట్ల పంది కీమా వాడతారు.

యూ షియాంగ్ రో స్ (‘చేప వాసన మాంసం పోగులు’): ఇందులో చేప ఉండదు. సిచువాన్‌లో చేపలకు వాడే ఊరమిరప, అల్లం, వెల్లుల్లి, చక్కెర, వెనిగర్ మసాలాతో సన్నగా తరిగిన పంది మాంసాన్ని వేయిస్తారు. ‘చేప’ అన్న మాట చూసి పోర్క్ తిననివాళ్లు ఆర్డర్ ఇస్తే అంతే సంగతులు.

ఒక్క మాట తెలిస్తే సగం పని అయినట్టే

చైనా మెనూలో ‘రో’ అంటే మాంసం. ముందు ఏ జంతువు పేరూ లేకుండా ఉత్త ‘రో’ అని ఉంటే దాన్ని పంది మాంసంగానే అర్థం చేసుకోవాలి. ‘నియు రో’ అంటే బీఫ్, ‘యాంగ్ రో’ అంటే మేక లేదా గొర్రె మాంసం. కాబట్టి అనువాదంలో ఉత్త ‘మాంసం’ అని వదిలేస్తే సగం సమాచారం పోయినట్టే. అక్కడ ‘పంది మాంసం’ అని విడమరిచి రాయాలి.

పోలికలతోనూ జాగ్రత్త

తెలిసిన వంటతో పోలిస్తే త్వరగా అర్థమవుతుంది. కానీ పోలిక ఎక్కడిదాకా సరిపోతుందో కూడా చెప్పాలి. ‘తోఫు పనీర్ లాంటిది’ అని ఆపేస్తే పాలు పడనివాళ్లు అనవసరంగా వదిలేస్తారు, గట్టిగా ఉంటుందనుకున్నవాళ్లు నిరాశపడతారు. అలాగే సిచువాన్ మిరియాలను ఉత్త ‘మిరియాలు’ అని రాయకూడదు. వాటిది మన మిరియాల ఘాటు కాదు, నాలుక, పెదాలు తిమ్మిరెక్కుతాయి. ముందే చెప్పకపోతే తిన్నవాళ్లు ఏదో పడలేదని కంగారు పడతారు.

వివరణతోనూ తేలనివి అడగాల్సిందే

ఎంత బాగా అనువదించినా అది ఆ వంటకాన్ని సాధారణంగా ఎలా చేస్తారో చెబుతుంది గానీ, ఆ వంటింట్లో ఆ రోజు ఏం వేశారో చెప్పదు. కూరగాయల విభాగంలో ఉన్న వేయించిన బీన్స్‌లోనూ పంది కీమా కలిపే హోటళ్లు చాలానే ఉన్నాయి. ‘భార్య కేక్’ అని పేరున్న లావ్‌పో బింగ్ బూడిద గుమ్మడితో చేసిన స్వీటే అయినా, పొరలు విడివిడిగా రావడానికి సంప్రదాయంగా పంది కొవ్వు వాడతారు. అందుకే మెనూలో ఉన్నదాన్ని, మనకు తెలిసినదాన్ని విడివిడిగా రాసి, అనుమానం ఉన్నచోట ‘అడగాలి’ అని గుర్తు పెట్టుకోవాలి.

అడిగేటప్పుడు ‘ఇది వెజ్జేనా?’ అంటే చాలదు. ముక్కలు కనిపించకపోతే చాలు, వెజ్ అనేసే అవకాశం ఉంది. కీమా వేస్తారా, మాంసం ఉడికించిన నీళ్లు పోస్తారా, పంది కొవ్వు వాడతారా, పల్లీలు ఉన్నాయా అని ఒక్కొక్కటిగా వాళ్ల భాషలో రాసి చూపించాలి.

అనువాదం తేడాగా ఉందని గుర్తుపట్టడం కూడా సులువే. చదివాక అందులో తినే పదార్థం ఏదీ కనిపించకపోతే, అక్కడ అనువాదమైంది పేరు మాత్రమే, వంటకం కాదు. అదే మంచి వివరణ అయితే, నాలుగు ప్లేట్లు టేబుల్ మీదకు రాగానే ఏది ఏదో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.