గోడ మందం 5 మిల్లీమీటర్లు అంటే?

కడుపు స్కానింగ్ రిపోర్టు రాగానే చాలామంది చూపు రాయి సైజు దగ్గరే ఆగిపోతుంది. డాక్టరు మాత్రం పిత్తాశయం గోడ గురించి ఏం రాశారో కూడా చూస్తారు. సాధారణంగా పరగడుపున ఆ గోడ 3 మిల్లీమీటర్లకు మించదు.

రెండు రిపోర్టులు ఊహించుకుందాం. మొదటిది నలభై అయిదేళ్ల మహిళది. గ్యాస్ట్రబుల్ అని వెళితే స్కాన్ తీశారు. ‘గాల్ బ్లాడర్ డిస్టెండెడ్. 9 మి.మీ. క్యాలిక్యులస్, పోస్టీరియర్ అకౌస్టిక్ షాడోయింగ్, మొబైల్. వాల్ 2 మి.మీ.’ అని ఉంది. సంచి బాగా నిండి ఉంది, అందులో రాయి ఉంది. రాయిని దాటి ధ్వని తరంగాలు వెళ్లలేవు కాబట్టి దాని వెనుక నల్లటి నీడ పడింది. ఆమె పక్కకు తిరిగితే రాయి కదిలింది. అంటే అది గోడకు అంటుకున్న పాలిప్ కాదు, మెడ దగ్గర ఇరుక్కోనూ లేదు. గోడకు వాపూ లేదు. పిత్తాశయపు నొప్పి ఎన్నడూ రాకపోతే ఇలాంటి రాయికి సాధారణంగా ఆపరేషన్ చెప్పరు. కిడ్నీ రాయిలా ఇది నీళ్లు తాగితే పోయేది కాదు. అందుకోసం డబ్బు తగలేయొద్దు.

రెండోది డెంగ్యూ జ్వరంతో ఆసుపత్రిలో చేరిన యువకుడిది. రాళ్లు లేవు, కానీ ‘వాల్ ఎడెమా, 7 మి.మీ.’ అని ఉంది. పిత్తాశయం పాడైపోయిందని ఇంటివాళ్లు హడలిపోతారు. నిజానికి డెంగ్యూలో సన్నటి రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి ఊరుతుంది. ఆ నీరే గోడలోనూ చేరుతుంది. జబ్బు తగ్గితే ఆ వాపూ తీస్తుంది. ఆపరేషన్ అక్కర్లేదు కానీ, ప్లాస్మా కారుతోందనడానికి అదొక గుర్తు కాబట్టి రోగిని జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలి. లివర్ సిరోసిస్, గుండె వైఫల్యం, రక్తంలో అల్బుమిన్ తగ్గడం వల్ల కూడా గోడ మందమవుతుంది. ఏదైనా తిని స్కాన్‌కి వెళ్లినా అంతే: సంచి ముడుచుకుని గోడ మందంగా కనిపిస్తుంది. ‘కాంట్రాక్టెడ్’ అని రాస్తే, ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా మళ్లీ తీయించాలా అని అడగండి.

మరి ఎప్పుడు కంగారు పడాలి? గోడ 5 మిల్లీమీటర్లు ఉండి, ‘నెక్‌లో ఇంపాక్టెడ్’ రాయి, చుట్టూ నీరు, ‘సోనోగ్రాఫిక్ మర్ఫీ పాజిటివ్’ అనే మాటలు తోడైనప్పుడు. ఈ చివరి మాటకు అర్థం, ప్రోబ్‌తో సరిగ్గా పిత్తాశయం మీద నొక్కితే రోగి నొప్పితో విలవిల్లాడాడని. ఇది పిత్తాశయానికి హఠాత్తుగా వచ్చిన వాపు, ఆసుపత్రిలో చేరాల్సిందే. గోడ ఒకచోట మాత్రమే ఎగుడుదిగుడుగా మందమైందని ‘ఫోకల్, ఇర్రెగ్యులర్’ అని రాస్తే, నొప్పి లేకపోయినా వదిలేయకూడదు. క్యాన్సర్ కాదని తేల్చుకోవడానికి సీటీ లాంటి పరీక్ష చేయిస్తారు.

రాళ్లున్నాయని తెలిసినవాళ్లు కుడి పక్కటెముకల కింద నొప్పి గంటలు గడిచినా తగ్గకపోయినా, చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా తెల్లారేదాకా ఆగకండి. పాత రిపోర్టులు పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.