కంటికి కనబడని చుక్క

కంప్యూసర్వ్ అనే అమెరికా కంపెనీ 1987లో జిఫ్ బొమ్మల పద్ధతిని తెచ్చింది. అప్పటి మోడెంలు నత్తనడక నడిచేవి, కాబట్టి బొమ్మలు చిన్నవిగా ఉండాల్సి వచ్చేది. 1989లో అందులోనే పారదర్శకత చేరింది, అంటే బొమ్మ వెనకున్న రంగు అలాగే కనిపిస్తుంది. అలాంటి బొమ్మను ఒకే ఒక్క చుక్కకు కుదిస్తే 43 బైట్లలో ఇమిడిపోతుంది, కంటికి మాత్రం ఆనదు. ఈమెయిళ్లు వెబ్ పేజీల్లా రంగులు, బొమ్మలతో రావడం మొదలయ్యాక ఈ చుక్కకు కొత్త కొలువు దొరికింది.

పంపే ప్రతి ఉత్తరం అడుగునా ఇలాంటి వరుస ఒకటి పెడతారు:

```html
<img src="https://example.com/o.gif?id=A17" width="1" height="1" alt="">
```

చివరి `A17` ఒక్కో మనిషికీ వేరుగా ఉంటుంది. ఉత్తరం తెరవగానే మెయిల్ యాప్ ఆ బొమ్మ కోసం పంపినవాళ్ల సర్వర్‌ని అడుగుతుంది, సర్వర్ ఆ క్షణాన్ని రాసుకుంటుంది. ఓపెన్ రేటు అని మనం చూసే శాతం ఇలా వచ్చినదే. నిజానికి అది చెప్పేది ఎవరో బొమ్మను అడిగారన్న ఒక్క సంగతే. అడిగింది మనిషో, యంత్రమో దానికి తెలియదు.

ఈ బలహీనత మొదట్నుంచీ ఉన్నదే. బొమ్మలు రాకుండా ఆపేసుకున్నవాళ్లు ఉత్తరం మొత్తం చదివినా లెక్కలోకి రారు. 2013 డిసెంబర్ నుంచి జీమెయిల్ బొమ్మలను గూగుల్ సర్వర్ల ద్వారా తెప్పించడం మొదలుపెట్టింది, దాంతో చదివేవాళ్లు ఎక్కడున్నారో పంపినవాళ్లకు తెలియకుండా పోయింది. అసలు దెబ్బ 2021 సెప్టెంబర్‌లో పడింది. యాపిల్ తన మెయిల్ యాప్‌లో గోప్యత రక్షణను తెచ్చింది. దాన్ని ఆన్ చేసుకున్నవాళ్ల ఉత్తరంలోని బొమ్మలను, వాళ్లు తెరిచినా తెరవకపోయినా, యాపిలే ముందుగా దించేసుకుంటుంది.

దీనివల్ల పోలిక ఎలా చెడుతుందో చూద్దాం. ఒక చిన్న అనువాద సంస్థ 400 మంది ప్రచురణకర్తలకు రాస్తోందనుకుందాం. సగం మందికి ‘అనువాద సేవల గురించి’ అనే శీర్షికతో, మిగతా సగానికి ‘మీ పుస్తకం తెలుగులో’ అనే శీర్షికతో, అంతకుమించి ఏ తేడా లేకుండా పంపింది. నిజంగా తెరిచినవాళ్లు మొదటి గుంపులో 20 శాతం, రెండో గుంపులో 40 శాతం అనుకోండి. తేడా రెట్టింపు. కానీ ఒక్కో గుంపులోనూ 100 మంది యాపిల్ యాప్‌లో ఆ రక్షణను ఆన్ చేసుకున్నవాళ్లయితే ఆ వందా తెరిచినట్టే నమోదవుతుంది. మిగిలిన 100 మందిలో 20, 40 కలుపుతాం. తెర మీద కనిపించేది 60 శాతం, 70 శాతం! అంత పెద్ద తేడా ఇంతకు తగ్గిపోయింది. ఇక ఒక గుంపులో యాపిల్ వాళ్లు ఎక్కువ పడితే, గెలవని శీర్షిక గెలిచినట్టు కూడా కనిపిస్తుంది.

అందుకే నేను జవాబులనే నమ్ముతాను. ప్రకటనల రచయిత క్లాడ్ హాప్కిన్స్ 1923లో ‘సైంటిఫిక్ అడ్వర్టైజింగ్’ రాసేనాటికే పత్రికా ప్రకటనల్లో కూపన్లకు గుర్తులు వేసి, ఏ శీర్షికకు ఎన్ని తిరిగొచ్చాయో లెక్కపెట్టేవాళ్లు. కూపన్ కత్తిరించి పోస్టులో వేసేది మనిషే. జవాబు రాసేదీ మనిషే, అయితే ‘సెలవులో ఉన్నాను’ అనే యాంత్రిక జవాబులను తీసేయాలి. ‘మళ్లీ రాయకండి’ అన్నవాటిని విడిగా రాసుకోవాలి. చేరకుండా తిరిగొచ్చిన ఉత్తరాలను మొత్తంలోంచి తగ్గించాలి.

గుంపులు చేయడంలో చాలామంది పేర్ల పట్టికను నడిమికి కోసేస్తారు. ఆ పట్టిక పాత పరిచయస్తులతో మొదలైతే పోలిక అక్కడే పాడైపోయింది. స్ప్రెడ్‌షీట్‌లో పేర్ల పక్కన `=RAND()` పెట్టి, ఆ అంకెల ప్రకారం పేర్చి, అప్పుడు సగం చేయాలి. ఒకే సంస్థలోని ఇద్దరిని ఒకే గుంపులో ఉంచాలి, లేకపోతే ఒకరికొచ్చిన ఉత్తరం పక్కవాళ్లు చూసి రెండూ పోల్చేస్తారు. రెండు రకాలూ ఒకే గంటలో వెళ్లాలి.

మన సంస్థకు మొదటి శీర్షికతో 200కి 8 జవాబులు, రెండోదానితో 14 వచ్చాయనుకోండి. 4 శాతం, 7 శాతం. రెండోది గెలిచిందని చెప్పాలనిపిస్తుంది. గుంపులు సమానంగా ఉండి జవాబులు కొద్దిగా ఉన్నప్పుడు ఒక సులువైన పరీక్ష ఉంది: రెండు సంఖ్యల మొత్తానికి వర్గమూలం కట్టి, రెట్టింపు చేయండి. వాటి మధ్య తేడా అంతకంటే ఎక్కువైతేనే నమ్మండి. 22 వర్గమూలం సుమారు 4.7, రెట్టింపు 9.4. మన తేడా 6 మాత్రమే. రెండు గుంపులకూ ఒకే ఉత్తరం పంపినా ఇంత తేడా అప్పుడప్పుడూ రావచ్చు. 4 శాతానికీ 7 శాతానికీ మధ్య తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో గుంపులో 900 మంది దాకా కావాలి. అంత పెద్ద పట్టిక చిన్న సంస్థలకు ఉండదు. రోజూ లెక్క చూసి, ఏదో ఒకటి ముందున్న రోజున ఆపేస్తే కాకతాళీయంగా వచ్చిన ఆధిక్యాన్నే గెలుపనుకుంటాం. కాబట్టి ఎన్ని రోజులు ఎదురుచూడాలో ముందే రాసిపెట్టుకోవాలి.

పట్టిక 400 పేర్లదే అయితే, శీర్షికలో ఒక మాట మార్చడం లాంటి చిన్న తేడాలను పరీక్షించి ప్రయోజనం లేదు. అడిగే విషయాన్నే మార్చి చూడాలి: ఒక గుంపును ‘ఒకసారి మాట్లాడదామా’ అని అడగండి, ఇంకో గుంపుకు వాళ్ల పుస్తకంలోని ఒక పేజీని అనువదించి పంపండి. అప్పుడు 4 జవాబులకు 16 వస్తే తేడా 12. 20 వర్గమూలానికి రెట్టింపు సుమారు 9, అంటే ఈ తేడా పరీక్షకు నిలుస్తుంది.