అమెరికా గడియారం మారితే మన మీటింగ్ ఎన్నింటికి?

హైదరాబాద్‌లో ఒక ఐటీ బృందం ఉందనుకుందాం. డాలస్‌లోని క్లయింటుతో సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ కాల్. అక్కడ ఉదయం 9 గంటలు, ఇక్కడ రాత్రి 8:30. అదే బృందానికి లండన్ క్లయింటుతో మంగళవారం మంగళవారం మరో కాల్ ఉంది. లండన్‌లో మధ్యాహ్నం 2 గంటలకు, అంటే ఇక్కడ రాత్రి 7:30కి. ఒకటి ముగిశాక ఇంకొకటి. నవంబరు నుంచి మార్చి మొదటి వారం దాకా ఈ వరుసకు ఏ ఆటంకమూ రాదు.

ఆ తర్వాత అమెరికాలో డేలైట్ సేవింగ్ మొదలవుతుంది. 2007 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు అక్కడి గడియారాలను ఒక గంట ముందుకు తిప్పి 3 చేస్తారు. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతారు. 2026లో ఆ తేదీలు మార్చి 8, నవంబరు 1. భారత్‌లో ఈ పద్ధతి లేదు కాబట్టి మన గడియారం కదలదు. డాలస్‌కీ మనకీ మధ్య ఉన్న పదకొండున్నర గంటల తేడా పదిన్నరకు తగ్గుతుంది. డాలస్ వాళ్లు ఎప్పటిలాగే 9 గంటలకు కాల్‌లో చేరతారు. మనకు మాత్రం అది 7:30కే వచ్చేస్తుంది.

ఈ ఒక్క గంటకు అలవాటు పడటం కష్టం కాదు. అసలు చిక్కు లండన్‌తో వస్తుంది. బ్రిటన్, యూరప్ దేశాలు గడియారం మార్చేది మార్చి చివరి ఆదివారం, 2026లో 29న. మధ్యలో మూడు వారాలు అమెరికా మారిపోయి ఉంటుంది, లండన్ ఇంకా మారదు. మార్చి 10, 17, 24 తేదీల్లో, ఆ మూడు మంగళవారాల్లోనూ డాలస్ కాల్, లండన్ కాల్ రెండూ మనకు సరిగ్గా 7:30కే పడతాయి. రెండు చోట్లా ఉండాల్సిన వాళ్లు ఏదో ఒకటి వదులుకోవాలి. మార్చి 31కి లండన్ కాల్ 6:30కి జరిగిపోతుంది, ఇబ్బంది దానంతట అదే తీరిపోతుంది. అక్టోబరులో ముందుగా వెనక్కి తిరిగేది లండన్, 25న. అమెరికా మరో వారం ఆగుతుంది. అందుకే అక్టోబరు 27, మంగళవారం మళ్లీ అదే ఢీ. వసంతంలో ఈ ఎడం ఏడాదిని బట్టి రెండు వారాలో మూడు వారాలో ఉంటుంది. శరదృతువులో మాత్రం ఎప్పుడూ ఒకే వారం.

దీనికి ఒక చక్కని మార్గం ఉంది. ఆ మూడు మంగళవారాలకు మాత్రం కాల్‌ను తమ గడియారంలో మధ్యాహ్నం 1 గంటకు పెట్టుకోమని లండన్ వారిని ముందే అడగాలి. అప్పుడది మనకు 6:30 అవుతుంది. మార్చి 29 తర్వాత ఎలాగూ మనకు వచ్చే సమయం అదే. హైదరాబాద్ బృందానికి మార్పు ఒక్కసారే వస్తుంది, లండన్ వారు మూడు వారాలు సర్దుకుంటే చాలు.

క్యాలెండర్ ఈ లెక్కంతా చేసి పెట్టదా అని అడగొచ్చు. చేస్తుంది, కానీ ఇన్వైట్‌లో ఏ టైమ్ జోన్ పెట్టారో దాన్ని బట్టి చేస్తుంది. డాలస్ వారు తమ టైమ్ జోన్‌లో సృష్టించిన ఇన్వైట్ డాలస్‌లో 9 గంటలకే అంటిపెట్టుకుని ఉంటుంది, జరిగేది మన సమయం. హైదరాబాద్ నుంచి మన టైమ్ జోన్‌లో పంపితే మన 8:30 కదలదు, మార్చి 9న డాలస్ వారికి అది 10 గంటలుగా కనిపిస్తుంది. ఆ 10 గంటలకు వారికి ఇంకో పని ఉంటే క్లయింటు కాల్‌కు రాడు. ఎవరూ ఏ తప్పూ చేయలేదు, ఎవరి గడియారం స్థిరంగా ఉండాలో ముందు తేల్చుకోలేదు, అంతే. ఫిబ్రవరిలోనే మార్చి 9 నాటి మీటింగును తెరిచి రెండు ఊళ్లలో అది ఎన్నింటికి పడుతుందో చూస్తే సంగతి తెలిసిపోతుంది. తప్పుగా ఉంటే ఇన్వైట్ టైమ్ జోన్‌ను America/Chicago కి మార్చి మళ్లీ పంపాలి.

అమెరికా అంతా ఒకే తీరు కాదు. అరిజోనాలో, నవాహో ప్రాంతం మినహా, గడియారం మార్చరు. ఫీనిక్స్ క్లయింటుతో 9 గంటల కాల్ ఏడాది పొడవునా మనకు రాత్రి 9:30కే. శాన్‌ఫ్రాన్సిస్కోలో గురువారం ఉదయం 11కి పెట్టిన కాల్ అయితే ఏకంగా రోజునే మార్చేస్తుంది. వేసవిలో అది మనకు గురువారం రాత్రి 11:30, చలికాలంలో శుక్రవారం అర్ధరాత్రి దాటాక 12:30. అలాంటి కాల్‌కు గంటతో పాటు వారం పేరూ నోటీసులో రాయకపోతే ఒక రోజు తేడా వచ్చేస్తుంది.

ఇక నోటీసు. చాలా ఆఫీసుల్లో వచ్చే వాక్యం ఇలా ఉంటుంది: ‘డేలైట్ సేవింగ్ కారణంగా మీటింగులు ఒక గంట ముందుకు జరుగుతాయి, గమనించగలరు.’ ముందుకు అంటే తొందరగానా, ఆలస్యంగానా? అమెరికాలో గడియారం ముల్లు ముందుకు వెళ్లింది కదా అని 8:30ను 9:30 చేసుకునే వాళ్లూ ఉంటారు. జరిగింది, మారింది లాంటి మాటలు వదిలేసి పాత సమయం, కొత్త సమయం రెండూ అంకెల్లో రాయడమే మేలు. మార్పు తేదీ కంటే కొత్త సమయానికి జరిగే మొదటి మీటింగు తేదీ ముఖ్యం. ఆదివారం ఎవరూ కాల్‌లో ఉండరు మరి. పైన చెప్పిన బృందానికి నోటీసు ఇలా రాయవచ్చు:

‘విషయం: మార్చి 9, సోమవారం నుంచి డాలస్ కాల్ మనకు రాత్రి 7:30కి (ఇప్పటిదాకా 8:30).
డాలస్‌లో సమయం మారదు, వారికి ఎప్పటిలాగే ఉదయం 9:00. మార్చి 6, శుక్రవారం కాల్ పాత సమయానికే, రాత్రి 8:30కి. మార్చి 9 నుంచి అక్టోబరు 30 దాకా 7:30కి. నవంబరు 2, సోమవారం నుంచి మళ్లీ 8:30కి. లింకు అదే. లండన్ కాల్ మార్చి 10 నుంచి సాయంత్రం 6:30కి. క్యాబ్ సమయం మార్చుకోవాల్సిన వాళ్లు మార్చి 4 లోపు చెప్పండి.’

ఇందులో వేసవి సమయం అంటే ఏమిటో వివరణ లేదు, అవసరం కూడా లేదు. చదివేవారు వెతికేది తమ గంట ఎన్ని అనే. దాన్ని విషయం వరుసలోనే పెడితే ఫోన్ తెర మీద మెయిల్ తెరవకుండానే కనిపిస్తుంది. క్లయింటుకు పంపే ఉత్తరంలో క్రమం తిరగేయాలి: ముందు వారి సమయం, తర్వాత మనది. వేసవిలో EST, CST అని రాసే అలవాటూ మానాలి. అవి చలికాలపు పేర్లు, వేసవికి EDT, CDT. పైగా CST అంటే చైనా సమయం కూడా, IST అంటే ఇజ్రాయెల్, ఐర్లాండ్ సమయాలు కూడా. ‘డాలస్ సమయం’, ‘హైదరాబాద్ సమయం’ అని ఊరి పేరుతో రాస్తే ఏ నెలలోనైనా సరిపోతుంది.

నోటీసు రెండు వారాల ముందు ఒకసారి, మార్పుకు ముందరి శుక్రవారం మరోసారి వెళ్లాలి. మొదటిది క్యాబులు, సెలవులు, ఇంట్లో పిల్లల ట్యూషన్ వేళలు సర్దుకోవడానికి, రెండోది సోమవారం సాయంత్రం మరిచిపోకుండా ఉండటానికి. ఎందుకంటే ఫోన్‌లో చేత్తో పెట్టుకున్న రాత్రి 8:20 అలారానికీ, క్యాబ్ జాబితాకూ డాలస్ గడియారం సంగతి తెలియదు. క్యాలెండర్ సరిగ్గా మారినా అవి పాత గంటకే మోగుతాయి, పాత గంటకే వస్తాయి.