8 డాలర్ల గాజులకు 53 సెంట్లు

అమెరికాలో ఇంటి నుంచే గాజులు అమ్మడం మొదలుపెట్టినప్పుడు, పేమెంట్ గేట్‌వే వాళ్లు "2.9 శాతం, ప్రతి అమ్మకానికీ 30 సెంట్లు" అంటే మూడు శాతమే కదా అనుకున్నాను. తీరా 8 డాలర్ల సెట్ అమ్మితే శాతం కింద 23 సెంట్లు, పైన 30, మొత్తం 53 సెంట్లు పోయాయి. అంటే ఆరున్నర శాతం పైమాటే! అవే ఐదు సెట్లు ఒకరే 40 డాలర్లకు ఒకేసారి కొంటే పోయేది 1.46 డాలర్లు. విడివిడిగా అయితే 2.65. అందుకే ఇప్పుడు సెట్లు కలిపి అమ్ముతున్నాను.

నెలకు 20 డాలర్లు కడితే 2.5 శాతమే తీసుకునే ప్లాన్ కూడా ఉంది. దాంతో వంద డాలర్ల అమ్మకానికి 40 సెంట్లు మిగులుతాయి. కట్టిన 20 తిరిగి రావాలంటేనే నెలకు 5,000 డాలర్లు అమ్మాలి. నా అమ్మకం 1,200. వద్దనుకున్నాను.

నేను చూసుకోనిది నెల పరిమితి. నాది 2,000 డాలర్లు. దసరాకు అది దాటగానే పైన వచ్చిన డబ్బు ఆపేసి, సరుకు కొన్న బిల్లులు అడిగారు. మామూలుగానే మా డబ్బు రెండు పనిదినాలకు జమవుతుంది; శుక్రవారం అమ్మితే మంగళవారం చేతికొస్తుంది. ఈసారి పది రోజులు పట్టింది. పార్సిళ్ల ఖర్చు ఇంటి సరుకుల డబ్బులోంచి కట్టాను.

ఇప్పుడు పండగకు రెండు వారాల ముందే బిల్లులు పంపి పరిమితి పెంచమని అడుగుతున్నాను.