పొద్దున 14 వేలు.. సాయంత్రం 16,500: ఒకే విమానానికి ఇన్ని ధరలెందుకు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాసులు కువైట్ వెళ్లాలంటే ఎక్కువగా బెంగళూరు నుంచే విమానం ఎక్కుతారు. టికెట్ కోసం ఊళ్లోని ట్రావెల్స్‌కు వెళ్తే పొద్దున ఒక ధర చెబుతారు. ఇంట్లో మాట్లాడుకుని, డబ్బు సర్దుకుని సాయంత్రం వెళ్తే మరో ధర. ఏజెంట్ మోసం చేస్తున్నాడేమోనన్న అనుమానం వస్తుంది. అసలు కారణం చాలాసార్లు వేరే ఉంటుంది.

బకెట్ అంటే ఏంటి?

ఎకానమీలో సీట్లన్నీ ఒకేలా ఉన్నా, విమాన సంస్థ వాటిని ఒకే ధరకు అమ్మదు. కొన్ని సీట్లు తక్కువ ధరకు, మరికొన్ని అంతకంటే ఎక్కువకు అంటూ మెట్లుగా విడగొడుతుంది. ఒక్కో మెట్టును ఫేర్ బకెట్ అంటారు. ప్రతి బకెట్‌కూ వై, ఎం, క్యూ వంటి ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. చౌక బకెట్‌లోని సీట్లు అయిపోగానే కంప్యూటర్ పై బకెట్ ధర చూపిస్తుంది. అంటే చాలాసార్లు మారేది ధరల పట్టిక కాదు, అందులో ఏ మెట్టు అమ్మకానికి తెరిచి ఉందన్నదే.

నలుగురి టికెట్ల లెక్క

పుంగనూరు నుంచి నలుగురు స్నేహితులు సెలవు ముగించుకుని కువైట్‌కు తిరిగి వెళ్తున్నారనుకుందాం. రూ.14,000 బకెట్‌లో రెండే సీట్లు మిగిలాయి. పైన రూ.16,500 బకెట్‌లో చాలానే ఉన్నాయి. (ఈ అంకెలు లెక్క తెలియడానికి మాత్రమే.)

నలుగురికీ కలిపి వెతికితే సిస్టమ్ నాలుగు సీట్లూ ఒకే బకెట్‌లో దొరుకుతాయా అని చూస్తుంది. చౌక బకెట్‌లో రెండే ఉన్నాయి కాబట్టి చాలా సైట్లు నలుగురికీ పై ధరే వేస్తాయి. మొత్తం రూ.66,000. ఇద్దరిద్దరుగా విడివిడిగా తీసుకుంటే మొదటి ఇద్దరికి రూ.28,000, తర్వాతి ఇద్దరికి రూ.33,000.. మొత్తం రూ.61,000. రూ.5,000 మిగులుతుంది.

అందుకే ముందు ఒక్కరికి, తర్వాత ఇద్దరికి, ఆ తర్వాత అందరికీ వెతికి చూడాలి. తలసరి ధర ఎక్కడ పెరిగిందో అక్కడే చౌక బకెట్ ముగిసిందని అర్థం. అయితే రెండు బుకింగులకు రెండు పీఎన్ఆర్‌లు వస్తాయి. విమానం రద్దయితే ఇద్దరిని ఒక విమానంలో, మిగతా ఇద్దరిని మరో విమానంలో సర్దే అవకాశం ఉంది. పిల్లలతో వెళ్లేవారు ప్రతి పీఎన్ఆర్‌లోనూ ఒక పెద్దవారు ఉండేలా చూసుకోవాలి.

తేదీ మారితే ధర ఎందుకు మారుతుంది?

ఏ తేదీకి ఎంత గిరాకీ ఉంటుందో విమాన సంస్థ ముందే అంచనా వేస్తుంది. గిరాకీ ఉన్న రోజు చౌక బకెట్‌లో సీట్లు తక్కువ పెడుతుంది, లేదా అసలు తెరవదు. కువైట్‌లో బడులకు వేసవి సెలవులు మొదలయ్యేటప్పుడు అక్కడి నుంచి ఇక్కడికి ధర ఎక్కువ. సెలవులు ముగిసేటప్పుడు ఇక్కడి నుంచి అక్కడికి ఎక్కువ. అదే రోజుల్లో ఎదురు దిశలో వెళ్లేవారికి చౌకగా దొరకొచ్చు.

అంచనా కంటే టికెట్లు నెమ్మదిగా అమ్ముడైతే మూసిన బకెట్‌ను మళ్లీ తెరుస్తారు. ఎవరైనా రద్దు చేసుకున్నా సీటు తిరిగి రావచ్చు. ధర ఒక్కోసారి తగ్గేది అందుకే. కానీ చివరి వారంలో ఇలా జరుగుతుందని ఆశపడితే నష్టమే ఎక్కువ. చాలా చౌక ధరలకు ఇన్ని రోజుల ముందే కొనాలన్న షరతు ఉంటుంది. ఆ గడువు దాటితే సీట్లు ఖాళీగా ఉన్నా ఆ ధర రాదు.

ఏజెంట్ చెప్పింది నిజమేనా?

అదే విమానం, అదే తేదీ, అంతే మందికి విమాన సంస్థ సైట్‌లో అప్పటికప్పుడు చూడండి. బేస్ ఫేర్, పన్నులు, ఏజెంట్ చార్జీ విడిగా రాసిన బిల్లు అడగండి. కొందరు ఏజెంట్లు గ్రూపు సీట్లు ముందే కొని పెట్టుకుంటారు కాబట్టి వారి ధర సైట్ కంటే తక్కువగా కూడా ఉండొచ్చు. అప్పుడు లగేజీ ఎన్ని కిలోలు, తేదీ మార్చుకోవచ్చా అని తప్పక అడగాలి. చౌక టికెట్‌లో కోత పడేది ఎక్కువగా అక్కడే.

ప్రభుత్వం ధర నిర్ణయించదా?

మామూలు రోజుల్లో నిర్ణయించదు. కోవిడ్ సమయంలో 2020 మే 25 నుంచి 2022 ఆగస్టు 31 వరకు దేశీయ విమానాలకు పరిమితులు పెట్టి తర్వాత ఎత్తేశారు. అయితే డీజీసీఏ నిబంధన ఒకటి గుర్తుంచుకోవాలి. నాన్ రిఫండబుల్ టికెట్ రద్దు చేసుకున్నా, ప్రయాణం చేయకపోయినా విమానాశ్రయ రుసుములు, పన్నులు తిరిగి ఇవ్వాలి. రద్దు చార్జీ బేస్ ఫేర్, ఇంధన సర్‌చార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. టికెట్ పోతే డబ్బంతా పోయిందని వదిలేయకుండా ఆ మొత్తం అడిగి తీసుకోండి.