‘మిన్కుమ్’ దగ్గర ఆగిపోయా

రంజాన్ రోజు మా రూమ్మేట్ అమ్మకి వాట్సాప్‌లో ఈద్ ముబారక్‌తో పాటు “తఖబ్బలల్లాహు మిన్నా వ మిన్కుమ్” అని పెట్టాడు. తెలుగులో చెప్పమంది అమ్మ. మొదటిది సులువే, పండగ శుభాకాంక్షలు. రెండోది మాటకు మాట పెడితే “మా నుంచీ మీ నుంచీ అల్లాహ్ స్వీకరించుగాక”.

“మనమేం ఇచ్చాంరా, స్వీకరించడానికి?” అంది.

నిజమే. స్వీకరించాల్సింది నెల్లాళ్ల ఉపవాసాలు, నమాజులు. ఉపవాసం ఉన్నవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే మాట కాబట్టి అరబీలో అది పైకి అనక్కర్లేదు. అమ్మకి మాత్రం చెప్పాలి. పైగా ‘మీ నుంచీ’ ఆవిడకి అతకదు. అల్లాహ్‌ని ‘దేవుడు’ అన్నాను. ‘భగవంతుడు’ అంటే మా పూజగది గుర్తొస్తుంది. చివరికి “మా ఉపవాసాలు దేవుడు స్వీకరించాలి, మీకూ మేలు చేయాలి” అని రాసి వాడికి చూపిస్తే, “అదేరా నా ఉద్దేశం” అన్నాడు.

అమ్మ జవాబుకి మాత్రం అసలు మాటే పనికొచ్చింది: “నీ ఉపవాసాలు దేవుడు స్వీకరించాలి నాయనా.”